మూడు మైనస్ ఐ

కోవిల్‌పట్టి రైలు పట్టాలకు ఆవల ఉన్న ఆ కళాశాలలో కంప్యూటర్ ప్రయోగ పరీక్ష తప్పడం అంత సులభమైన పని కాదు. పరీక్షలో రాగల ప్రోగ్రాములు ఇరవై. ఆ ఇరవయ్యీ ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. విద్యార్థి వాటిని కంఠస్థం చేసి, చీటీలో వచ్చిన ప్రోగ్రామును కాగితం మీద రాసి, యంత్రంలో టైపు చేసి, పుస్తకంలో ఉన్న ఫలితమే తెర మీద కూడా వచ్చిందని చూపిస్తే చాలు. అర్థం చేసుకోవడం నిషిద్ధం కాదు గాని, దానికి ప్రత్యేకంగా మార్కులు లేవు.

అటువంటి పరీక్షను కార్తిక రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి. వచ్చే ఏటి నుండి పాఠ్యప్రణాళిక మారిపోతున్నందున పాత విద్యార్థులకు ఇదే చివరి అవకాశమని విశ్వవిద్యాలయం ప్రకటించింది. తక్కిన అన్ని పరీక్షలూ గట్టెక్కిన ఆ అమ్మాయికి డిగ్రీ రావడానికీ రాకపోవడానికీ మధ్య ఈ ఒక్క పూట మాత్రమే ఉంది. అరవై మార్కులకు ఇరవైనాలుగు రావాలి.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినది బృందకు. ఆమె నాలుగేళ్లుగా అక్కడ ఆ పాఠమే చెబుతోంది; ఇప్పుడు లోపలి పరీక్షకురాలు. వెలుపలి పరీక్షకుడిగా విరుదునగరం నుండి వచ్చిన పెద్దమనిషి సీనివాసన్. ఆయన అక్కడి కళాశాలలో శాఖాధిపతి, ఆకుపచ్చ పుస్తకానికి కర్త, బృందకు స్వయానా మేనమామ. పరీక్ష రాసేవారిలో తనకు బంధువులెవరూ లేరని ఆయన నియమం ప్రకారం సంతకం చేసి ఇచ్చారు. పరీక్ష పెట్టేవారిలో ఉన్నారా అని ఆ పత్రం అడగలేదు.

పది గంటలకు చీటీలు తీశారు. పద్నాలుగో ప్రోగ్రాము నలుగురికి వచ్చింది. అది ఇద్దరు ఆడే ఆట. మూడు అడ్డవరుసలు, మూడు నిలువువరుసలు, తొమ్మిది గడులు. ఒకరు X పెడతారు, మరొకరు O పెడతారు. ఎవరివి మూడు ఒకే గీతలో పడితే వారు గెలిచినట్టు. బడిపిల్లలు పలక మీద ఆడుకునేదే. పుస్తకంలో దానిని రెండు కొలతల అర్రేగా, అంటే గడుల పట్టికగా, గెలుపు గీతలను పరీక్షించే ఒక ఫంక్షన్‌గా రాశారు. ఆ ఫంక్షన్ ప్రతి ఎత్తు తరువాతా మూడు అడ్డగీతలనూ, మూడు నిలువుగీతలనూ, రెండు మూలగీతలనూ చూసి, ఆడినవాడు గెలిచాడో లేదో చెబుతుంది.

ఆ నలుగురిలో హరికృష్ణన్ అనే కుర్రవాడు పదకొండు నిమిషాలలో మొత్తం రాసి లేచాడు. ఒక్క కామా పొల్లు పోలేదు. టైపు చేసి, పుస్తకంలో ఉన్న ఆటే ఆడి చూపించాడు: X మొదటి అడ్డవరుసలో వరుసగా మూడు గడులు నింపుతుంది, O మధ్యలో ఒకటి, చివర ఒకటి పెట్టి ఊరుకుంటుంది, X గెలుస్తుంది. పదకొండేళ్లుగా రెండు జిల్లాలలో, ఎన్ని వందల రికార్డు నోటుబుక్కులలోనో, O ఎప్పుడూ ఆ రెండు గడులలోనే పెట్టి ఎప్పుడూ అలాగే ఓడిపోతూ వచ్చింది. వేరే ఆట ఆడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు; వేరే ఆటను రికార్డులో రాస్తే మార్కులు రావు.

అదే ప్రోగ్రాము వచ్చిన కార్తికకు గంటన్నర పట్టింది. ఆమె రాసింది చదువుతూ సీనివాసన్ ఒకచోట ఆగి, ఎర్ర కలంతో సున్న చుట్టి, మార్కుల పత్రంలో నాలుగు గళ్లలో నాలుగు అంకెలు వేసి కూడారు. రాతకు ఐదు, ఫలితానికి సున్న, మౌఖికానికి ఆరు, రికార్డుకు ఏడు. మొత్తం పద్దెనిమిది.

మౌఖికం ఇంకా అడగలేదని బృంద గమనించింది. ఆ అమ్మాయి మూడడుగుల దూరంలో తన యంత్రం ముందు కూర్చునే ఉంది. బృంద కుర్చీ దగ్గరకు లాక్కుని, అందరూ తమిళం మాట్లాడే ఆ గదిలో ఎవరికీ అర్థం కాదన్న నమ్మకంతో, తమిళం కలిసిన ఇంటి తెలుగులో గొంతు తగ్గించి అడిగింది.

"ఏమి మామా, పద్దెనిమిది ఏసిండారే? రన్ అయిందే. అవుట్‌పుట్ వచ్చిండాదే."

"వస్తుంది లేమ్మా. మొదటి అడ్డవరసలోనే గెలిస్తే, తక్కిన గీతలన్నీ తప్పయినా వస్తుంది. అవుట్‌పుట్ సూసి మోసపోగూడదు. లాజిక్కు సూడల్ల."

"ఏడ తప్పు?"

"రెండో మూలగీత సూడు. మూడు మైనస్ ఐ ఉండాల్సిన తావున రెండు మైనస్ ఐ పెట్టిండాది. ఉండే రెండు మూలగీతల్లో ఒకటి పోయ. ఆట ఎట్ల నడుస్తుంది?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండుమాట్లు తప్పిందంటివే, ఈ పిల్ల దానే? తల్లో ఏముండాదో దేవుడికే ఎరుక."

"తలకాయ మంచిదే మామా. బట్టీ రాదు, అంతే దా."

"బట్టీ రాని పిల్లకి సదువెందుకు? ఇంట్లో రొట్టె ఏసుకుంటూ ఉండొచ్చే."

బల్ల మీద కార్తిక రికార్డు నోటుబుక్కు తెరిచి ఉంది. పద్నాలుగో ప్రోగ్రాము పుటలో, అదే పంక్తిలో, కార్తిక డిసెంబరులోనే a[i][2-i] అని రాసుకుంది. ఆ రెండును ఎవరో కొట్టివేసి పైన ఎర్రసిరాతో మూడు వేశారు. కింద సంతకం, తేదీ. ఎవరో కాదు, సంతకం బృందదే.

ఆమెకు అప్పుడు గుర్తుకు వచ్చింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని వచ్చి, పుస్తకంలోని ప్రోగ్రాము ఆడితే గీత లేకుండానే O గెలుస్తోంది మేడమ్ అని తమిళంలో చెప్పింది. యంత్రం చెడిపోయి ఉంటుంది, వేరే యంత్రంలో కూర్చో అని బృంద చెప్పింది. అరగంటకు మళ్లీ వచ్చి, ఆ యంత్రంలోనూ గెలుస్తోంది మేడమ్ అంది. అప్పుడు బృంద, పుస్తకంలో ఎలా ఉంటే అలా రాయి, ఆటలు నీకెందుకు అని, దిద్ది, సంతకం పెట్టి పంపింది. వరుసలో ఇంకా ముప్ఫైమంది నిలబడి ఉన్నారు.

ఆమె ఒక చిత్తు కాగితం తీసుకుని, తొమ్మిది గడులు గీసి, నాలుగేళ్లుగా బోర్డు మీద రాస్తున్న పంక్తికి జీవితంలో మొదటిసారి అంకెలు వేసి చూసింది. యంత్రం వరుసలను సున్న నుండి లెక్కపెడుతుంది: సున్న, ఒకటి, రెండు. కుడిపైమూల నుండి ఎడమకిందిమూలకు వచ్చే గీతలో మొదటి గడి సున్నో అడ్డవరుస, రెండో నిలువువరుస. నడిమిది ఒకటి, ఒకటి. చివరిది రెండు, సున్న. ఏ గడిలోనైనా రెండంకెలూ కూడితే రెండే. కనుక అడ్డవరుస ఐ అయితే నిలువువరుస రెండు మైనస్ ఐ కావాలి. పుస్తకం చెప్పినట్టు మూడు మైనస్ ఐ అంటే, సున్నో వరుసలో మూడో అంకె గడిని, అంటే నాలుగో గడిని, చూడమని చెప్పినట్టు. అటువంటి గడి లేదు.

ఈ లెక్కకు అర నిమిషం పట్టింది. నాలుగేళ్లలో అర నిమిషం దొరకలేదని ఎవరికైనా చెప్పుకోవడం కష్టం.

"మామా," అంది బృంద, "పుస్తకం దా తప్పు."

"ఏ పుస్తకం?"

"మీ పుస్తకం. వరస సున్నా అయితే మూడు మైనస్ సున్నా, మూడు. మూడో నిలువువరస మనకేడుండాది? సున్నా, ఒకటి, రెండు, అంతే దా."

సీనివాసన్ కాగితం వంక చూడలేదు. "పదకొండేండ్లు, బృందా. ఏడో ముద్రణ. ఒక్కడన్నా సెప్పినాడా?"

"ఒక పిల్ల సెప్పింది. నేను దా ఇనలేదు."

"సుమ్మా ఉండు. అందురూ సూస్తుండారు."

"సూస్తే సూడనీయండి. ఈండ్లకి మన మాట తెలుస్తుందా ఏమి?"

"నాకు తెలుస్తాది మేడమ్," అంది కార్తిక.

ఆ మాట తెలుగులోనే అంది. గొంతు పెంచలేదు, తిరిగి చూడలేదు. యంత్రం తెర వైపు చూస్తూనే, అక్కడ రాసి ఉన్నదేదో చదివినట్టు అంది. సీనివాసన్ గత పది నిమిషాలలో తాను ఏమేమి అన్నదీ మొదటి నుండి ఒకసారి గుర్తు చేసుకున్నారు. రొట్టె దగ్గరకు వచ్చేసరికి కళ్లజోడు పెట్టుకున్నారు.

"నువ్వేవూరమ్మా?"

"అరుప్పుకోట్టై సార్. మగ్గాలోళ్లం. ఇంట్లో ఇదే మాట."

"ముందే సెప్పగూడదా?"

"పరీచ్చలో మాట్లాడగూడదని సెప్పినారు సార్."

పరీక్ష మొదట్లో ఆ మాట తమిళంలో రెండుసార్లు చెప్పింది ఆయనే.

"సరి," అన్నారు. "మౌఖికం నీకు ఇంకా అడగలేదు." మౌఖికానికి ఆరు ముందే వేసిన సంగతి పత్రంలో అందరికీ కనిపిస్తూనే ఉంది. "మా పుస్తకంలో ఉండేది తప్పే అనుకుందాం. లేని గడిని సూడమంటే మిషను తప్పని సెప్పల్ల గదా? ఎందుకు సెప్పలేదు?"

"లేదని దానికి తెలీదు సార్."

"ఎందుకు తెలీదు?"

"మనం అడ్డంగా నిలువుగా గీసుకుంటుండాం. లోపల తొమ్మిది గడులూ ఒకే వరసగా ఉండాయి. మొదటి వరస మూడు అయిపోతానే రెండో వరస మూడు, దాని ఎనక మూడో వరస మూడు. మొదటి వరసలో నాలుగో గడి అడిగితే అది రెండో వరస మొదటి గడి ఎత్తి ఇస్తాది." ఆమె బృంద కాగితం మీదనే వేలు పెట్టి చూపించింది. "ఇదో, ఎడమపక్క నడిమిది. తక్కిన రెండు అంకెలు సరైన గడులే సార్. ఐ ఒకటి అయితే రెండు, ఇదో కుడిపక్క నడిమిది. ఐ రెండు అయితే ఒకటి, ఇదో కింద నడిమిది. మీ పుస్తకం మూలగీత సూడదు సార్. ఈ మూడు గడులు సూస్తాది."

కాగితం మీద ఆ మూడు గడులూ కలిస్తే ఒక త్రికోణమైంది. ఏ దేశంలోనూ ఆ ఆటలో త్రికోణానికి గెలుపు ఇవ్వరు.

సీనివాసన్‌కు ఆ అమ్మాయి చెప్పింది కొత్త కాదు. అర్రే గడులు యంత్రం జ్ఞాపకంలో వరుసగా ఉంటాయనీ, హద్దు దాటితే ఆ భాష హెచ్చరించదనీ, హద్దులు చూసుకోవడం రాసేవాడి బాధ్యత అనీ ఆకుపచ్చ పుస్తకంలో మూడో అధ్యాయంలో ఆయనే రాశారు. దాని కింద గీత కూడా గీయించారు. ఇప్పుడు అది అబద్ధమని చెప్పడం ఎలాగూ కుదరదు. అలాగని పుస్తకం తప్పని ఒప్పుకుందామంటే ముద్రణలు ఏడు.

"మాటలెందుకు మామా," అంది బృంద. "ఆడి సూద్దాం."

ఆయన ఒప్పుకోవడానికి కారణం ఇది: ఆడితే తేలిపోతుందని ఆయన నిజంగానే నమ్మారు. హరికృష్ణన్ యంత్రంలో పుస్తకం ప్రోగ్రాము అక్షరం మారకుండా ఉంది. ఆయన ఆ కుర్చీలో కూర్చుని X తీసుకున్నారు. కార్తిక పక్కన నిలబడి O తీసుకుంది. ల్యాబ్ సహాయకుడు కుమారవేల్ ప్రింటరును వదిలి వచ్చాడు. పరీక్ష ముగిసినవాళ్లు వెళ్లిపోకుండా వెనుక చేరారు. ఎవరికీ విషయం తెలియదు. వెలుపలి పరీక్షకుడు విద్యార్థితో ఆట ఆడుతున్నాడన్నదే చాలినంత విషయం.

సీనివాసన్ నడిమి గడిలో X పెట్టారు. అది తెలివైన వాడి ఎత్తు. కార్తిక ఎడమపక్క నడిమి గడిలో O పెట్టింది. ఆయన కుడిపైమూలలో X పెట్టారు. ఇక ఎడమకిందిమూలలో ఇంకొకటి పెడితే గీత పూర్తవుతుంది. నాలుగేళ్ల పిల్ల అయినా అక్కడ అడ్డుకుంటుంది. కార్తిక కుడిపక్క నడిమి గడిలో పెట్టింది.

"అమ్మా, సూసి పెట్టమ్మా," అన్నారు సీనివాసన్. ఆ అమ్మాయి మీద ఆయనకు నిజంగా జాలి కలిగింది.

"సూసే పెడితిని సార్."

ఆయన ఎడమకిందిమూలలో X పెట్టారు. మూల నుండి మూలకు మూడు X లు, మధ్యలో ఏ అడ్డూ లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు నిలిచాయి. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వంక చూశారు. తెర మీద కొత్త పంక్తి వచ్చింది: O వంతు, గడి చెప్పండి.

ఆయన ఎంటర్ మీట మళ్లీ నొక్కారు. యంత్రం కదలలేదు. మరొకసారి నొక్కారు. అది గడి చెప్పమని అడుగుతూనే ఉంది.

కార్తిక ముందుకు వంగి రెండు, ఒకటి అని కొట్టింది. కింద నడిమి గడిలో O పడింది. మూడు O లూ మూడు దిక్కుల ఎడమెడంగా ఉన్నాయి. వాటి నడుమ ఆయన గీత అలాగే ఉంది. యంత్రం ఆలస్యం చేయలేదు. O గెలిచింది, ఆట ముగిసింది అని చూపించి, ఏదైనా మీట నొక్కమని వేడుకుంది.

"సార్ కదా గెలిచారు?" అన్నాడు కుమారవేల్ తమిళంలో. వెనుక ఎవరో నవ్వి, దానిని దగ్గుగా మార్చుకున్నారు.

సీనివాసన్ ఏ మీటా నొక్కలేదు. బృంద వద్ద నుండి పెన్సిలు తీసుకుని చిత్తు కాగితం మూల నాలుగు అని రాసి, దానిని కొట్టివేసి మూడు అని రాశారు.

"మొదటి ముద్రణలో సున్నా లేదు," అన్నారు నెమ్మదిగా, తెలుగులో. "పిల్లలకి సులువుగా ఉంటుందని ఒకటి, రెండు, మూడు అని ఎంచితిని. అప్పుడు నాలుగు మైనస్ ఐ. అది సరి దా. ఒకటి, మూడు. రెండు, రెండు. మూడు, ఒకటి. రెండో ముద్రణకి యూనివర్సిటీ వాండ్లు సున్నాతో మొదలుపెట్టమనిరి. ప్రెస్సులో కూర్సొని అన్ని అంకెలూ ఒక్కొక్కటి తగ్గిస్తిని. నాలుగుని మూడు సేస్తిని."

"రెండు తగ్గించల్ల మామా," అంది బృంద. "అడ్డం ఒకటి తగ్గె, నిలువు ఒకటి తగ్గె."

"ఇప్పుడు తెలుస్తుండాది గదా."

అక్కడితో కథ ముగిసి ఉండవచ్చు. కాని మార్కుల పత్రంలో పద్దెనిమిది సిరాతో వేసి ఉంది. నియమం ప్రకారం, ఒకసారి వేసిన మార్కు మార్చాలంటే పక్కన కారణం రాయాలి. కారణం కింద ఇద్దరు పరీక్షకులూ సంతకం చేయాలి. ఆ పత్రం లక్కముద్రతో అదే సాయంత్రం విరుదునగరం కేంద్రంలో ఇవ్వాలి. కారణం లేని కొట్టివేత ఉంటే ఆ విద్యార్థి ఫలితాన్ని నిలిపివేస్తారు. ఫలితం నిలిపివేసిన వాళ్ల సంగతి ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పాత పాఠ్యప్రణాళికకైతే అడిగేవాడు కూడా ఉండడు.

పిల్లలను బయటకు పంపారు. కార్తికను ఉండమన్నారు.

"ఇరవైనాలుగు ఏసేస్తాను," అన్నారు సీనివాసన్. "మౌఖికం బాగా సెప్పింది, అందుకని పెంచితిమి అని రాద్దాం. పాసయిపోతుంది. గొడవ లేదు."

"సాలు సార్," అంది కార్తిక వెంటనే.

"సాలదు," అంది బృంద. "మౌఖికానికి ఉండేదే పది మామా. ఆరుని పది సేస్తే ఇరవైరెండు. తక్కిన రెండు ఏడనుంచి తెస్తారు?"

ముగ్గురూ ఆ లెక్కను చూశారు. లెక్క సరిగానే ఉంది.

"రాతలోనుంచి తెద్దాం."

"రాత తప్పని ఎర్ర సున్నా సుట్టింది మీరు దా. ఆ సున్నాకి కారణం రాయల్ల."

"బృందా, నువ్వు తెలిసే మాట్లాడుతుండావా? కీగా పెట్టుకున్న పుస్తకం తప్పని రాస్తే ఆ పత్రం ఎవురెవురు సూస్తారో తెలుసునా? గురువారం మా కాలేజీలో నలబైమందికి ఇదే పరీచ్చ. అందురూ మూడు మైనస్ ఐ బట్టీ కొట్టుకోని కూర్సోనుండారు. ఈ పొద్దు రాసిన తక్కిన ముగ్గురికీ నేను నిండు మార్కు ఏస్తిని. వాండ్లని ఏమి సెయ్యల్ల? మార్కు కొయ్యల్లనా?"

"వాండ్లని కొయ్యగూడదు. మనం నేర్పింది దానే వాండ్లు రాసిరి."

"మరి?"

బృంద రికార్డు నోటుబుక్కు తీసుకుని ఆ పుట తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇది సూడండి. డిసెంబరులోనే ఈ పిల్ల సరిగా రాసిండాది. కొట్టేసింది నేను. సంతకం నాది. ఈ సంతకం సూసి దా మీరు రికార్డులో మూడు మార్కులు కోస్తిరి. నా తప్పని రాస్తాను."

"నీ ఉద్యోగం ఏటేటికీ రెన్యూ సేస్తుండేది. వాండ్లు అడిగితే?"

"అడుగుతారు."

"అడిగితే ఏమి సెప్తావు?"

"అర నిమిసం లెక్క ఏసుకోలేదని సెప్తాను."

ఆమె పత్రం తన వైపు లాక్కుని, కారణాల గడిలో ఇంగ్లీషులో రాసింది: అభ్యర్థి రాసిన తర్కం సరైనది, లోపలి పరీక్షకురాలు రికార్డులో దానిని తప్పుగా దిద్దారు, ఆ దిద్దుబాటు ఆధారంగా తగ్గించిన మార్కులు తిరిగి ఇవ్వడమైనది. సంతకం చేసింది. పత్రం మామ ముందుకు తోసింది.

సీనివాసన్ దానిని చాలాసేపు చదివారు. మూడు వాక్యాలకు అంత సేపు అవసరం లేదు. ఒకచోట కామా చేర్చారు. తరువాత దాని కిందనే, తన పుస్తకానికి ముందుమాట రాసిన చక్కని దస్తూరీతో, ఇంకొక వాక్యం చేర్చారు: ఇదే దోషం ముద్రిత పుస్తకం అరవయ్యొకటో పుటలోనూ ఉన్నది, బాధ్యత గ్రంథకర్తది. పక్కన కుండలీకరణాలలో, రెండో ముద్రణ నుండి, అని కూడా రాశారు. మొదటి ముద్రణ మీద నింద పడడం ఆయనకు ఇష్టం లేదు.

సంతకం చేసి, కొత్త అంకెలు వేశారు. ఫలితానికి ఇరవై, మౌఖికానికి పది, రికార్డుకు పది. రాత దగ్గర ఆగి, ఇరవైకి పందొమ్మిది వేశారు.

"ఒకటి ఎందుకు మామా?"

"తెర తుడిసే ఆజ్ఞ మొదట్లో రాయలేదు. పాత ఆటలు పైన అట్లనే ఉండాయి. సూడను బాగలేదు."

"అది నిజమే సార్," అంది కార్తిక. "మరిసిపోతిని."

మొత్తం యాభైతొమ్మిది. హరికృష్ణన్‌కు అరవై.

మధ్యాహ్నం రెండున్నరకు విరుదునగరం బస్సులో లక్కముద్ర వేసిన కవరు ఒళ్లో పెట్టుకుని సీనివాసన్ కిటికీ పక్కన కూర్చున్నారు. పత్రం ఇచ్చేటప్పుడు ఇద్దరూ ఉండాలి కనుక బృంద ఆయన పక్కన కూర్చుంది. విరుదునగరంలో దిగి అరుప్పుకోట్టై బస్సు ఎక్కవలసిన కార్తిక, ముందు సీటు ఖాళీగా ఉంది గనుక, అక్కడ కూర్చుంది. కూర్చున్న వెంటనే అమ్మకు ఫోను చేసింది.

"అమ్మా, పాసయితిని... అవును... కండిప్పా, నిజం దా... యాబైతొమ్మిది... అరువైకి... లేదు, సరిగానే ఎంచినారు." అవతల తల్లి తాయమ్మాళ్ ఏమందో వినబడలేదు గాని, కార్తిక ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది. ఆ వెనుక మగ్గాల చప్పుడు ఇద్దరు పరీక్షకులకూ వినిపించింది.

సాత్తూరు దాటేవరకు సీనివాసన్ కవరు వెనుకవైపు గోటితో కనబడని గడులు గీస్తూనే ఉన్నారు. గురువారం నలభైమందికి ఏమి చెప్పాలో ఆలోచిస్తున్నారని బృంద అనుకుంది. చెబితే వాళ్లు తప్పకుండా ఒకటే అడుగుతారు: పుస్తకంలో ఉన్నట్టు రాయాలా, మీరు చెప్పినట్టు రాయాలా? మామ ఆ ప్రశ్నకు తయారవుతున్నారని ఆమెకు సంతోషం కలిగింది.

విరుదునగరం బస్టాండులో దిగారు. కార్తిక ఇద్దరికీ నమస్కారం పెట్టి అరుప్పుకోట్టై బస్సులు నిలిచే వైపు తిరిగింది.

"ఇదో, అమ్మా," అన్నారు సీనివాసన్.

ఆమె ఆగింది.

"ఆ ఆట ఉండాదే. మార్కు సంగతి అది వేరే. పుస్తకం సంగతీ వేరే. న్యాయంగా సూస్తే ఆట గెలిసింది ఎవురు?"

"మీరే సార్," అంది కార్తిక, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఆయన బృంద వంక చూశారు. సాక్షిని చూసినట్టు చూశారు. తరువాత, ఒక్క సందేహం మిగిలి, మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"నేను గెలిసినేక నువ్వెందుకు ఇంకొకటి పెడితివి?"

"మిషను నా వంతు అనింది సార్," అంది కార్తిక. "పరీచ్చ కదా. సెప్పింది సెయ్యల్లనే."